శంకువు, పిరమిడ్ లెక్కల్లో ఎత్తు ఏది, ఏటవాలు ఎత్తు ఏది? తరచుగా అడిగే ప్రశ్నలు

సూత్రాలన్నీ నోటికి వచ్చినా ఈ రెండూ ఎందుకు కలిసిపోతాయి?

సగం తప్పు పేరుది. "ఎత్తు" అన్నా, "ఏటవాలు ఎత్తు" అన్నా రెండింట్లోనూ ఎత్తు అనే మాట ఉంది. ఇంగ్లిష్ మీడియం పిల్లలకూ అదే తంటా, హైట్, స్లాంట్ హైట్ అని. నిజానికి ఏటవాలు ఎత్తు అనేది ఎత్తే కాదు. వాలు మీద కొలిచిన పొడవు అది. దాన్ని మనసులో "వాలు పొడవు" అనుకుంటే చాలామందికి సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

రెండో కారణం అక్షరాలు. దీర్ఘఘనంలో l అంటే పొడవు, h అంటే ఎత్తు అని అలవాటైన చెయ్యి, శంకువు దగ్గరికి వచ్చేసరికి l ని కొత్త అర్థంలో చూడదు. ప్రశ్నలో కనిపించిన మొదటి అంకెను r లో, రెండో అంకెను సూత్రంలో మిగిలిన అక్షరంలో పెట్టేస్తుంది.

ప్రశ్నలో ఏ విశేషణమూ లేకుండా ఉత్తగా "ఎత్తు" అని ఇస్తే అది నిట్టనిలువు ఎత్తు h అనే అర్థం.

బొమ్మలో కాకుండా చేతిలో పట్టుకుని తేడా చూడొచ్చా?

ట్యాంక్‌బండ్ మీద పల్లీలు కట్టిచ్చే కాగితం పొట్లం ఒకటి చాలు. ఖాళీ పొట్లాన్ని మొన కిందికి ఉండేలా పట్టుకోండి. అంచు మీద ఒక చోట వేలు పెట్టి, కాగితాన్ని వదలకుండా మొన దాకా జారిస్తే వేలు నడిచిన దూరం ఏటవాలు ఎత్తు, l. ఇప్పుడు మూతి మీద ఒక స్కేలు అడ్డంగా పెట్టి, దాని మధ్య నుంచి ఒక పుల్లను నేరుగా మొన దాకా దించండి. స్కేలు కింద ఉన్న పుల్ల పొడవు ఎత్తు, h. వేలు కాగితాన్ని తాకుతూ వెళ్లింది. పుల్ల మాత్రం గాల్లోంచి దిగింది, మొన దగ్గర తప్ప కాగితాన్ని ఎక్కడా తాకలేదు.

మూతి మధ్య నుంచి అంచుకు వ్యాసార్థం r. ఈ మూడూ కలిస్తే లంబకోణ త్రిభుజం. లంబకోణం r, h ల మధ్య ఉంటుంది కాబట్టి l కర్ణం. అందుకే l² = r² + h². కర్ణం ఎప్పుడూ పెద్దది. l విలువ r కన్నా, h కన్నా ఎక్కువే ఉండాలి, r + h కన్నా తక్కువే ఉండాలి. ఈ హద్దుల్లో పడని సమాధానం ఎక్కడో తప్పినట్టే.

దేనికి h వాడాలి, దేనికి l వాడాలి? బట్టీ పట్టకుండా గుర్తుండేలా చెప్పండి.

అదే పొట్లాన్ని అంచు నుంచి మొన దాకా ఒక గీత వెంట కోసి బల్ల మీద పరచండి. అది విసనకర్ర లాంటి వృత్త భాగం అవుతుంది. దాని వ్యాసార్థం l, దాని వంపు అంచు పొడవు పొట్లం మూతి చుట్టుకొలత, అంటే 2πr. ఆ ముక్క వైశాల్యం సగం × వంపు అంచు × వ్యాసార్థం, అంటే ½ × 2πr × l = πrl. పరిచిన కాగితంలో h అనే పొడవు ఎక్కడా లేదు. లోపలి గాల్లో ఉన్న పుల్ల కాగితం వైశాల్యంలోకి ఎలా వస్తుంది?

ఘనపరిమాణం సంగతి దీనికి తలకిందులు. క్యారమ్స్ కాయిన్లను ఒకదాని మీద ఒకటి నిట్టనిలువుగా పేర్చి, తర్వాత ఆ దొంతరను ఒక పక్కకు వాలేలా కొద్దికొద్దిగా జరపండి. పక్క వాలు పొడవు పెరిగింది. కాయిన్ల లెక్క మారలేదు, కాబట్టి ఘనపరిమాణమూ మారలేదు, బల్ల నుంచి పై కాయిన్ దాకా నిలువు కొలతా మారలేదు. ఎంత పడుతుంది అన్న ప్రశ్నకు పొరలు ఎన్ని అన్నదే లెక్క. పొరలను నిలువుగానే లెక్కపెడతాం. అందుకే శంకువు ఘనపరిమాణం ⅓πr²h, పిరమిడ్‌ది ⅓ × భూవైశాల్యం × h.

కాబట్టి గుడ్డ, రేకు, కాగితం, రంగు అడిగితే l. నీళ్లు, వడ్లు, ఇసుక, ఐస్‌క్రీమ్ ఎంత పడుతుంది అంటే h.

l బదులు h వేస్తే తేడా ఎంత వస్తుంది? కొంచెమే కదా?

శంకువు ఆకారాన్ని బట్టి ఉంటుంది. రెండు సూత్రాల్లోనూ ఈ పొడవు ఒక్కసారే గుణకారంలో వస్తుంది కాబట్టి, సమాధానం సరిగ్గా l/h రెట్లు తప్పుతుంది. సన్నగా పొడవుగా ఉన్న శంకువులో l, h దాదాపు సమానం, తప్పు కనపడదు. చదునుగా పరుచుకున్న శంకువులో కొంప మునుగుతుంది.

ఇల్లు కడుతున్న చోట పోసిన ఇసుక కుప్పనే తీసుకోండి. కుప్ప చుట్టూ అడుగున టేపు పట్టుకుంటే 8.8 మీటర్లు వచ్చింది. π = 22/7 అనుకుంటే వ్యాసార్థం 1.4 మీటర్లు. కుప్ప అడుగు అంచు నుంచి మొన దాకా వాలు వెంట టేపు పరిస్తే 1.75 మీటర్లు. అక్కడ అందరికీ సులువుగా దొరికేది ఈ కొలతే. కుప్ప మధ్యలోంచి టేపు దించలేం కదా. చాలామంది ఆ 1.75 నే ఎత్తుగా వేస్తారు: ⅓ × 22/7 × 1.96 × 1.75 = సుమారు 3.59 ఘనమీటర్లు.

నిజంగా ఎత్తు ఎంత? 1.75² − 1.4² = 3.0625 − 1.96 = 1.1025. దాని వర్గమూలం 1.05. కాబట్టి ఘనపరిమాణం ⅓ × 22/7 × 1.96 × 1.05 = 2.156 ఘనమీటర్లు. ఉన్న ఇసుక కన్నా లెక్కలో ఇసుక మూడింట రెండు వంతులు ఎక్కువ వచ్చింది, ఎందుకంటే 1.75/1.05 అంటే 5/3. ఇసుక కుప్ప సహజంగానే చదునుగా ఉంటుంది, నిటారుగా పోస్తే జారిపోతుంది. అందుకే ఈ తప్పు కుప్పల దగ్గర ఇంత ఖరీదు.

ఎత్తును నేరుగా కొలవాలంటే, కుప్ప పక్కన ఒక కర్ర నిలబెట్టి, మొన మీది నుంచి ఆ కర్ర దాకా ఇంకో కర్రను మట్టసంగా పట్టుకుని, నేల నుంచి అక్కడికి కొలవాలి. నేల వాలుగా ఉంటే అదీ కొంచెం తప్పుతుంది.

సమాధానం పూర్ణాంకం వచ్చింది, అంటే సరైనదే కదా?

కాదు, ఈ నమ్మకమే చాలామందిని ముంచుతుంది. వ్యాసార్థం 7 సెం.మీ., ఎత్తు 24 సెం.మీ. ఉన్న శంకువు వక్రతల వైశాల్యం అడిగారు. l = √(49 + 576) = 25. కాబట్టి 22/7 × 7 × 25 = 550 చ.సెం.మీ. మీరు పొరపాటున 24 వేస్తే 22 × 24 = 528. అదీ పూర్ణాంకమే, చూడ్డానికి ఎంతో బుద్ధిగా ఉంది. వ్యాసార్థంలోని 7 పోయాక ఏ పూర్ణాంకం వేసినా పూర్ణాంకమే వస్తుంది. తేడా కూడా నాలుగు శాతమే కనుక అంచనాతోనూ పట్టుకోలేం. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో 528 ఒక ఆప్షన్‌గా కూర్చుని ఉంటుందని అనుకునే దిగండి.

ఘనపరిమాణం ఇచ్చి వక్రతల వైశాల్యం అడిగితే ఎక్కడ పొరపాటు పడతారు?

మధ్యలో ఆగిపోవడం. పై శంకువు ఘనపరిమాణం 1232 ఘ.సెం.మీ., వ్యాసార్థం 7 అని ఇచ్చారనుకోండి. ⅓ × 22/7 × 49 × h = 1232 నుంచి h = 24 వస్తుంది. అంత కష్టపడి తెచ్చుకున్న 24 ని వెంటనే πrl లో పెట్టేస్తారు. ఘనపరిమాణం నుంచి ఎప్పుడూ h మాత్రమే దొరుకుతుంది, వక్రతల వైశాల్యం నుంచి ఎప్పుడూ l మాత్రమే. ఒక వైపు నుంచి ఇంకో వైపుకు వెళ్లాలంటే మధ్యలో పైథాగరస్ మెట్టు తప్పనిసరి. ఆ వరుస కాగితం మీద లేకపోతే లెక్క తప్పినట్టే.

పిరమిడ్‌లో కూడా ఇంతేనా?

పిరమిడ్‌లో ఇంకో చిక్కు ఉంది. శంకువులో రెండు పొడవులే, పిరమిడ్‌లో మూడు. చతురస్రం భూమిగా ఉన్న పిరమిడ్‌లో శీర్షం నుంచి భూమి మధ్యకు దిగేది ఎత్తు. శీర్షం నుంచి భూమి భుజం మధ్య బిందువుకు, త్రిభుజాకార ముఖం మీదుగా దిగేది ఏటవాలు ఎత్తు. శీర్షం నుంచి భూమి మూలకు దిగేది పక్క అంచు. మూడింట్లో ఎత్తు చిన్నది, అంచు పెద్దది, ఏటవాలు ఎత్తు మధ్యలో.

గీజాలోని పెద్ద పిరమిడ్ కొలతలతో చూస్తే తేడా తెలుస్తుంది. కట్టినప్పటి ఎత్తు సుమారు 146.6 మీటర్లు, భూమి భుజం సుమారు 230 మీటర్లు. ముఖం మధ్య నుంచి పైకి వాలు వెంట సుమారు 186 మీటర్లు, మూల నుంచి అంచు వెంట పైకి సుమారు 219 మీటర్లు. ఒకే కట్టడం, ఒకే శిఖరం.

భుజం 10, "13" అని ఇచ్చిన లెక్కలో మా సమాధానం ఎందుకు తప్పింది?

పిరమిడ్ తప్పులన్నింటిలో అందంగా మోసం చేసేది ఇదే. ప్రశ్న: చతురస్ర భూమి భుజం 10 సెం.మీ., పక్క అంచు 13 సెం.మీ., ఘనపరిమాణం ఎంత? విద్యార్థికి 13 కనపడగానే 5, 12, 13 గుర్తొస్తుంది. భుజంలో సగం 5. 13² − 5² = 144, వర్గమూలం 12. "ఎత్తు 12" అని రాసి, ⅓ × 100 × 12 = 400 ఘ.సెం.మీ. అంటాడు. అంకెలన్నీ చక్కగా కుదిరాయి, అనుమానమే రాదు.

కానీ ఆ త్రిభుజం ఎక్కడుందో చూడండి. పక్క అంచు 13 ముఖానికి ఒక వైపు. భుజంలో సగం 5 కూడా అదే ముఖం అడుగున ఉంది. ఈ రెండూ ఒకే ముఖంలో ఉన్నాయి కాబట్టి వచ్చిన 12 కూడా ఆ ముఖం మీదే పడుకుని ఉంది. అది ఏటవాలు ఎత్తు, పిరమిడ్ ఎత్తు కాదు. ఎత్తు కావాలంటే పిరమిడ్ లోపలికి ఇంకోసారి దిగాలి: 12² − 5² = 119, h = √119, సుమారు 10.91. ఘనపరిమాణం ⅓ × 100 × 10.91 = సుమారు 363.6 ఘ.సెం.మీ.

సరిచూసుకోవడానికి ఇంకో దారి ఉంది. మూల నుంచి భూమి మధ్యకు దూరం భూమి చతురస్రపు కర్ణంలో సగం, అంటే 5√2, దాని వర్గం 50. అంచు వర్గం 169 లోంచి 50 తీస్తే 119. అదే వచ్చింది.

అదే 12 మాత్రం ప్రక్కతల వైశాల్యానికి సరిగ్గా పనికొస్తుంది: ½ × చుట్టుకొలత × ఏటవాలు ఎత్తు = ½ × 40 × 12 = 240 చ.సెం.మీ. భూమి 100 కలిపితే సంపూర్ణతల వైశాల్యం 340.

ఇప్పుడు ప్రశ్నలో "పక్క అంచు" బదులు "ఏటవాలు ఎత్తు 13" అని ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది. అప్పుడు ఎత్తు నిజంగానే 12, ఘనపరిమాణం 400, ప్రక్కతల వైశాల్యం ½ × 40 × 13 = 260. కాబట్టి 13 చూసి లెక్క మొదలుపెట్టకండి, 13 ముందున్న మాట చూసి మొదలుపెట్టండి.

భుజంలో సగం తీసుకోవాలా, కర్ణంలో సగం తీసుకోవాలా?

h దిగేది భూమి మధ్యకు. అక్కడి నుంచి మీకు తెలిసిన (లేదా కావలసిన) వాలు గీత అడుగు దాకా నడవండి. ఆ గీత భుజం మధ్యలో ఆగితే నడిచింది సగం భుజం, మూలలో ఆగితే సగం కర్ణం. శంకువులో ఎటు నడిచినా r యే, అందుకే అక్కడ ఈ ప్రశ్న రాదు. అలవాటుకొద్దీ పూర్తి భుజాన్ని వేసేసే వాళ్లూ ఉన్నారు. భుజం 10, ఏటవాలు ఎత్తు 13 అయితే 169 − 100 = 69 అని తేలి, √69 దగ్గర లెక్క ఎందుకు చిక్కుపడిందో అర్థం కాక కూర్చుంటారు.

భూమి దీర్ఘచతురస్రమైతే ఏటవాలు ఎత్తు ఎన్ని?

రెండు, ఒక్కటి కాదు. భూమి 18 × 10, ఎత్తు 12 అనుకోండి, అన్నీ సెం.మీ.లలో, శీర్షం భూమి మధ్యకు సరిగ్గా పైన ఉంది. 18 పొడవున్న భుజం మీద నిలబడ్డ ముఖానికి, భూమి మధ్య నుంచి ఆ భుజానికి దూరం 18 లో సగం కాదు, 10 లో సగం. అంటే 5. ఏటవాలు ఎత్తు √(144 + 25) = 13. 10 భుజం మీది ముఖానికి దూరం 9, ఏటవాలు ఎత్తు √(144 + 81) = 15.

ప్రక్కతల వైశాల్యం: 18 × 13 + 10 × 15 = 234 + 150 = 384 చ.సెం.మీ. (ప్రతి ముఖం జతగా ఉంది కాబట్టి సగం, రెండు కొట్టుకుపోయాయి.) పిల్లలు జతలు తారుమారు చేసి 18 × 15 + 10 × 13 = 400 అని రాస్తారు. పొడుగు భుజం మీది ముఖానికే ఏటవాలు ఎత్తు తక్కువ అన్నది మొదట వింతగా ఉంటుంది, భూమి గీసుకుని మధ్య నుంచి దూరాలు చూస్తే వింత పోతుంది.

అర్ధవృత్తపు కాగితాన్ని చుట్టి శంకువు చేస్తే దాని వ్యాసార్థం ఎంత?

ఇక్కడ తప్పు ఒకటి కాదు, రెండు రకాలుగా జరుగుతుంది. 14 సెం.మీ. వ్యాసార్థం ఉన్న అర్ధవృత్తాన్ని చుడితే ఆ 14 శంకువు వ్యాసార్థం అవుతుందని కొందరు, ఎత్తు అవుతుందని ఇంకొందరు అంటారు. రెండూ కాదు, 14 శంకువుకు l అవుతుంది. అర్ధవృత్తం వంపు పొడవు 22/7 × 14 = 44, అది శంకువు మూతి చుట్టుకొలత. కాబట్టి r = 7. అప్పుడు h = √(196 − 49) = √147, సుమారు 12.12. ఘనపరిమాణం సుమారు 622 ఘ.సెం.మీ. h బదులు 14 వేసినవాళ్లకు సుమారు 719 వస్తుంది.

గుడారం లెక్కల్లో "మొత్తం ఎత్తు" ఇస్తే?

అది ఇంకో ఉచ్చు. కింద స్తూపం, పైన శంకువు ఉన్న గుడారం. వ్యాసం 8.4 మీ., గోడ ఎత్తు 2.5 మీ., మొత్తం ఎత్తు 6.5 మీ. గుడ్డ ఎంత కావాలి? ముందు 6.5 లోంచి 2.5 తీసేస్తే శంకువు ఎత్తు 4 మీ. వ్యాసార్థం 4.2. l = √(17.64 + 16) = √33.64 = 5.8. గోడకు గుడ్డ 2 × 22/7 × 4.2 × 2.5 = 66 చ.మీ. కప్పుకు 22/7 × 4.2 × 5.8 = 76.56 చ.మీ. మొత్తం 142.56.

కప్పుకు 5.8 బదులు 4 వేస్తే 52.8 వస్తుంది, మొత్తం 118.8. గుడ్డ వెడల్పు 1.5 మీటర్లయితే అసలు కావలసింది 95.04 మీటర్లు, కొన్నది 79.2 మీటర్లు. దాదాపు 16 మీటర్ల గుడ్డ తక్కువ పడింది, అదీ కుట్టుకు వదిలే అంచులు కలపకముందే. నేల పరుపు అడగనప్పుడు πr² కలపకండి. ఆ తప్పు వేరు, అయినా ఇదే లెక్కలో చేస్తారు.

బకెట్ లాంటి, మొన కోసేసిన శంకువుకు?

త్రిభుజం అడుగు భుజం పెద్ద వ్యాసార్థం కాదు, రెండు వ్యాసార్థాల తేడా. l² = h² + (R − r)². మూతి వ్యాసార్థం 21, అడుగు వ్యాసార్థం 14, ఎత్తు 24 అయితే తేడా 7, l = 25.

రాసేసిన సమాధానాన్ని అర నిమిషంలో ఎలా పరీక్షించాలి?

వక్రతల వైశాల్యాన్ని భూవైశాల్యంతో పోల్చండి. l ఎప్పుడూ r కన్నా ఎక్కువ కాబట్టి πrl ఎప్పుడూ πr² కన్నా ఎక్కువ. వ్యాసార్థం 12, ఎత్తు 5 ఉన్న శంకువులో ఎవరైనా πrh వేస్తే 60π వస్తుంది, భూమి మాత్రం 144π. పైకప్పు నేల కన్నా చిన్నదై నేలనంతా కప్పడం కుదరదు, కాబట్టి తప్పు బయటపడిపోతుంది. సరైనది 12 × 13 × π = 156π. పిరమిడ్‌కూ ఇదే వర్తిస్తుంది. అయితే ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. h విలువ r కన్నా ఎక్కువైతే తప్పు సమాధానం కూడా దీన్ని దాటేస్తుంది. 7, 24 శంకువులో 528 అలాగే దాటింది, భూమి 154 మాత్రమే కదా. అలాంటి చోట బొమ్మలో h పక్కన లంబకోణం గుర్తు వేసి, ఇచ్చిన అంకె ఆ గుర్తుకు ఆనుకుని ఉందా, ఎదురుగా ఉందా అని చూడాలి. ఎదురుగా ఉన్నదే l.